ఒక్క కాగితం మీద నాలుగు అంకెలు

దర్జీ చనిపోయిన మర్నాడు నన్ను కమిటీ గదికి పిలిపించారు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి కొన్ని వారాలైంది. నేను ఒక నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ ఇంజినీరుని. సైట్లు ఆగిపోయాయి. కంపెనీ యజమాని సౌదీకి దాటిపోయాడు. సబా అల్ సలేంలో నేనుండే ఫ్లాటు కింద సైనికులు చెక్‌పోస్టు పెట్టడంతో, రెండు జతల బట్టలు సర్దుకుని, మనవాళ్ళంతా తలదాచుకున్న బడికి వచ్చేశాను. పిల్లలు చదువుకునే గదుల్లో బెంచీలు గోడకు నెట్టి, ఒక్కో గదిలో నాలుగైదు కుటుంబాలు పడుకునేవి. వరండాల్లో ఒంటరి మగవాళ్ళు. ఆగస్టు ఎండకు సిమెంటు నేల రాత్రిపూట కూడా చల్లారేది కాదు.

ఆ బడిని నడిపిస్తున్నది ఒక బొంబాయి వ్యాపారి. అందరం పెద్దాయన అనేవాళ్ళం. మోటారు విడిభాగాలు, పిండి, బియ్యం ఆయన వ్యాపారం. ఎన్నో ఏళ్ళు బస్రాతో లావాదేవీలు నడిపినవాడు కాబట్టి ఇరాకీ అరబ్బీ ఇంటి భాషలా మాట్లాడేవాడు. రోజూ పొద్దున కారెక్కి ఇరాకీ అధికారి ఆఫీసుకు వెళ్ళేవాడు. అక్కడ గంటలకొద్దీ నిలబడితే కాసేపు లోపలికి పిలిచేవారు. ఆ కాసేపట్లోనే మాకు కావలసినవన్నీ అడగాలి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేర్చే బస్సులు, డీజిలు, నీళ్ళ ట్యాంకర్లు, పిండి.

కువైట్‌లో స్పాన్సర్ అంటే అందరికీ గుర్తొచ్చేది కఫీల్, వీసా ఇప్పించి పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకునే కువైటీ యజమాని. మా ప్లానింగువాళ్ళ లెక్కలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. పనికి డబ్బూ పరపతీ సమకూర్చేవాడు, ఎక్కడైనా అడ్డుపడితే వెళ్ళి తొలగించగలిగేవాడు. ఆ లెక్కన ఆ బడికి స్పాన్సర్ పెద్దాయనే. బడి పనులు చూసే కమిటీ ఆయన చేతికి రోజూ ఒక నివేదిక ఇచ్చేది. టైపు చేసిన నాలుగు పేజీలు.

దర్జీది రాజమండ్రి వైపు. చక్కెర జబ్బు మనిషి. ఇన్సులిన్ సీసా అయిపోయి నాలుగు రోజులు గడిచింది. వాంతులు మొదలయ్యాయి, ఊపిరి బరువుగా, లోతుగా తీయసాగాడు, ఆ తర్వాత మనిషి స్పృహలో లేడు. ఆస్పత్రికి తీసుకెళ్ళే కారును దారిలో ఆపేశారు. వెనక్కి తిప్పుకొచ్చేసరికి ప్రాణం పోయింది. ఆయన భార్య గొంతెత్తి ఏడవలేదు. ఆ గదిలో ఇతరుల పిల్లలు నిద్రపోతున్నారు.

నేను కమిటీ గదిలోకి వెళ్ళేసరికి పెద్దాయన నిలబడే ఉన్నాడు. చేతిలో నలిగిన కాగితాలు.

"మొన్న నేను ఎక్కడికి వెళ్ళానో తెలుసా?" అని హిందీలో కార్యదర్శిని అడుగుతున్నాడు. కార్యదర్శి ఒక బ్యాంకులో లెక్కలు చూసిన మనిషి, పెద్ద వయసువాడు. "ఆ అధికారి నన్ను తన కారులో మందుల గోదాముకు తీసుకెళ్ళాడు. ఏదో కాగితం మీద సంతకానికి. ఫ్రిజ్‌ల పక్కన నిలబడ్డాను. ఒక్క మాట అడిగితే చేతిలో పెట్టేవాడు. నాకు ఎవరూ చెప్పలేదు."

"రాశాం సాబ్. మూడో పేజీలో ఉంది. ఇతర అవసరాల కింద."

పెద్దాయన ఆ పేజీ తీసి చూశాడు. నిజంగానే ఉంది. పాలపొడి, చీపుళ్ళు, ఇన్సులిన్, దుప్పట్లు అని వరసగా.

"రాసింది సరే. నాకు చెప్పింది ఎవరు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కార్యదర్శి ముఖం పాలిపోయింది. ఆ నివేదిక కోసం రోజంతా ప్రతి గదికీ తిరిగేది ఆయనే.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ప్లానింగు వాడివట కదా. కారులో కూర్చున్నాక సైనికులు ఆపేలోపు చదివేదొకటి తయారుచెయ్యి. ఒక్క కాగితం. అంతకు మించితే చదవను. చదవలేను కూడా."

మర్నాడు ఆయనతో పాటు కారెక్కాను. ఏ అంకెలు పెట్టాలో తెలియాలంటే ముందు ఆయన చేతిలో ఏముందో తెలియాలి. దారిలో అడిగాను.

"ఆ గదిలోకి వెళ్ళాక మీరు నిజంగా సాధించగలిగేవి ఏమిటి?"

వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "బండ్లు. నీళ్ళు. అదృష్టం బాగుంటే మందులు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోనిచ్చే కాగితం. అంతే. మిగతావి నా చేతిలో లేవు."

"ఒక రోజులో ఎన్ని అడగొచ్చు?"

"ఒకటి. రెండోది అడిగితే మొదటిది కూడా పోతుంది."

తిరిగొచ్చాక కెమిస్ట్రీ ల్యాబులో ముగ్గురం కూర్చున్నాం. నేను, కార్యదర్శి, మా జబ్బుల గది చూసే నర్సమ్మ. ఆమెది కాకినాడ దగ్గర పల్లె. ఆస్పత్రి హాస్టల్‌లో ఉండేది. అక్కడ భయమేసి బడికి వచ్చేసింది. దర్జీ కారులో కళ్ళు మూసింది ఆమె చేతుల్లోనే. నాలుగు పేజీలూ బల్ల మీద పరిచాను. చాలా అంకెలు. నమోదైనవాళ్ళు మొత్తం ఎంతమంది, ఏ రాష్ట్రం వాళ్ళెంతమంది, వడ్డించిన భోజనాలు, వచ్చిన ట్యాంకర్లు, ఖర్చయిన బస్తాలు. అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్కోదాని ముందు నేను ఒకే ప్రశ్న వేశాను.

"ఇది పెరిగితే పెద్దాయన ఏం చేస్తాడు? తగ్గితే ఏం చేస్తాడు?"

మొత్తం నమోదు దగ్గర కార్యదర్శి పట్టుబట్టాడు. "ఎంతమంది ఉన్నామో తెలియకపోతే ఎట్లా? మనం ఎంత పని చేస్తున్నామో చూపించేది అదే."

"మీ పని కాదనడం లేదు సార్. ఆ అంకె ఎప్పుడూ పైకే పోతుంది. ఇవాళ పెరిగింది, రేపూ పెరుగుతుంది. అది చూసి ఆయన అధికారిని ఏమడగాలి?"

దాన్ని పక్కన పెట్టాం. ట్యాంకర్ల దగ్గరా అదే సంగతి. వారం నుంచి రోజూ వచ్చే ట్యాంకర్లు పెరుగుతున్నాయి కాబట్టి కాగితం మీద బాగానే ఉంది. జనం అంతకన్నా ఎక్కువ పెరిగారని అందులో లేదు. ట్యాంకులో ఉన్న నీళ్ళను రోజువారీ వాడకంతో భాగించి చూశాం. ఒకటిన్నర రోజుకు సరిపోతాయి. అంతకు ముందెవరూ అలా చూడలేదు. నర్సమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది.

"ఒకటిన్నర రోజా? మరి బాత్‌రూముల్లో అలా పారబోస్తున్నారేంటండీ?"

మొదటి అంకె అదే అయింది. నీళ్ళు ఎన్ని రోజులకొస్తాయి. రెండు రోజుల కన్నా తగ్గితే ఎర్ర పెన్సిల్‌తో రాయాలనుకున్నాం.

రెండోది, బస్సు వస్తే రేపు ఎక్కగలిగేవాళ్ళు ఎంతమంది. ఇక్కడ చాలాసేపు పట్టింది. సిద్ధం అనే మాటకు తలో అర్థం చెప్పారు. చివరికి మూడు షరతులు రాసుకున్నాం. పాస్‌పోర్టు గానీ, ఎంబసీ ఇచ్చిన బదులు కాగితం గానీ చేతిలో ఉండాలి. కుటుంబంలో అందరూ బడి లోపలే ఉండాలి. మనిషి రెండు రోజులు బస్సులో కూర్చోగలగాలి. ఆ లెక్కన గదుల్లో తిరిగితే, వందల్లో ఉన్నారనుకున్నవాళ్ళు పాతికకు వచ్చారు. చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ళ బీరువాల్లో ఉన్నాయి, కఫీళ్ళు దేశంలోనే లేరు. బదులు కాగితాలను సరిహద్దు దగ్గర కొందరు ఒప్పుకోవడం లేదని అప్పుడే బయటపడింది.

మూడోది నర్సమ్మది. "జబ్బు మనుషులెంతమందని రాయకండన్నయ్యగారూ. జలుబు మనిషీ జబ్బు మనిషే. మందు ఆగితే ప్రాణం మీదకొచ్చేవాళ్ళు, తర్వాతి బస్సుల లోపు ఆ మందు అయిపోయేవాళ్ళు. వాళ్ళెంతమందో రాయండి. పక్కన మందు పేరు రాయండి."

అందరూ వెళ్ళిపోయాక కార్యదర్శి నాతో నెమ్మదిగా అన్నాడు. "భోజనాల లెక్క అయినా ఉంచు బాబూ. వంట చేసే ఆడవాళ్ళు అడుగుతారు."

ఆ లెక్కను వంటగది తలుపు మీద అంటించాం. పారేయలేదు. పారేయాల్సిన అవసరం కూడా లేదు. పెద్దాయన జేబులోకి పోవలసింది కాదు, అంతే.

కాగితం తయారైంది. పైన ఒకే వాక్యం, ఈరోజు అడగవలసింది. దాని కింద మూడు అంకెలు పెద్ద అక్షరాల్లో. ప్రతిదాని పక్కన నిన్నటిది, మొన్నటిది. ఏ అంకె ఏ చోట ఉందో రోజూ అక్కడే ఉండాలి, కన్ను వెతుక్కోకూడదు. తర్వాత రోజుల్లో ఇలాంటివాటిని డాష్‌బోర్డు అన్నారు. అప్పుడు మాకది పెద్దాయన కాగితం.

మొదటి రోజు కారు గేటు దాటకముందే చదివేశాడు. అద్దం దించి నన్ను పిలిచాడు. "ఇవాళ బస్సులు అడగవద్దంటావా?"

"బస్సులొచ్చినా ఎక్కగలిగేవాళ్ళు పాతికమందే. ముందు సరిహద్దు దగ్గర ఎంబసీ కాగితం చెల్లేట్టు ఒక మాట రాయించండి. నీళ్ళు రేపు."

"నీళ్ళు ఎర్రగా ఉన్నాయిగా."

"వంతులు పెట్టాం. రేపటిదాకా ఆగుతాయి."

తల ఊపి వెళ్ళాడు. మధ్యాహ్నానికి ముద్ర వేసిన కాగితం తెచ్చాడు. వారం తిరిగేలోపు మొదటి బస్సుల వరస కదిలింది. మందులు కూడా ఒకసారి వచ్చాయి. గుండె జబ్బు మాత్రలు, ఇన్సులిన్ కొంచెం. నర్సమ్మ ఆ సీసాలను కమిటీ గది ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసుకుంది. దర్జీ భార్య అది చూస్తూ తలుపు దగ్గర నిలబడింది.

అంతా దారిన పడిందనుకున్నాను. రెండో అంకె రోజురోజుకీ పెరుగుతోంది. పెద్దాయన సంతోషించాడు. ఒక సాయంత్రం నర్సమ్మ నన్ను పిలిచి పై అంతస్తు గదులన్నీ తిప్పి చూపించింది.

"మీ అంకె బావుందండీ. గదులు మాత్రం అలాగే ఉన్నాయి చూడండి."

నిజమే. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అక్కడే ఉన్నారు. సిద్ధమైనవాళ్ళ సంఖ్య రోజూ అడుగుతున్నామని కమిటీ కుర్రాళ్ళు ముందు ఒంటరి మగవాళ్ళ కాగితాలు సరిచేస్తున్నారు. ఒక్క మనిషి, ఒక్క కాగితం, సులువు. ఐదుగురు కుటుంబంలో ఒకరి కాగితం తక్కువైతే ఐదుగురూ ఆగిపోతారు. ఎవరిదీ దురుద్దేశం కాదు. అడిగేది ఆ అంకె కాబట్టి ఆ అంకె పెంచారు. మర్నాటి నుంచి అదే గడిలో రెండు భాగాలు చేశాం, కుటుంబాలు వేరు, ఒంటరివాళ్ళు వేరు. ముందు బస్సులు కుటుంబాలకే అని పెద్దాయన చెప్పేశాడు. వరండాలో గొడవైంది. ఒకతను నా చొక్కా పట్టుకున్నాడు. "మాకు ఊర్లో పిల్లలు లేరా?" అన్నాడు.

ఆ గొడవ సద్దుమణిగిన రోజే, నగరానికి పడమటనున్న జహ్రా నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. కడప జిల్లా మనిషి. ఒక కువైటీ ఇంట్లో కారు నడిపేవాడు. ఇంటివాళ్ళు కారేసుకుని వెళ్ళిపోయారు. తను చెక్‌పోస్టులు తప్పించుకుంటూ ఎడారి దారిన, కబ్ద్ తోటల వైపు నుంచి నడిచి వచ్చాడు. పాదాలు పుళ్ళు పడ్డాయి. నర్సమ్మ కడుగుతుంటే నాతో మాట్లాడాడు.

"ముగ్గురు ఆడోళ్ళు ఆడనే ఉండారు సార్. మా ఊరోళ్ళే. ఎదురింట్లో పనిచేస్తా ఉన్నారు. ఆ ఇంటి యజమానమ్మ, మామా వాళ్ళు, పోతా పోతా గేటుకు బీగం ఏసుకొని పోయినారు. కిటికీలోంచి మాట్లాడినా. బియ్యం ఉండాయంట, నీళ్ళు తక్కవంట. నాకు బండి లేదు, ఒంటిగా నేనేం చేతును? మీరే ఏదన్నా చూడండి సార్."

నర్సమ్మ నా వైపు చూసింది. "కాగితం మీద పెట్టండి."

నేను ఒప్పుకోలేదు. బయట ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో ఎవరికీ తెలియదు. తెలియని అంకెను రాస్తే ఏ రోజు ఎంత తేడాగా ఉందో కూడా తెలియదు. మూడు వందలున్న చోట మూడు రాసి ఏం లాభం? అదే ఆమెతో అన్నాను.

"మూడు వందల సంగతి నాకు తెలీదండీ. ఈ ముగ్గురూ తెలుసు కదా. తెలిసి కూడా లోపలికి రానివాళ్ళని రాయండి. పెద్దాయన దీని గురించి ఏమీ చెయ్యలేడా?"

జహ్రాకు ఒక బండి పోనిచ్చే కాగితం ఆయన అడగగలడు. నేను వేసిన ప్రశ్నే నాకు ఎదురొచ్చింది. నాలుగో అంకె పెట్టాం. బయట ఉన్నట్టు మనకు తెలిసి, లోపలికి చేరనివారు: మూడు. పక్కనున్న పెద్ద అంకెల ముందు అది ఏదో పొరపాటులా కనిపించింది.

పెద్దాయన కారులో ఆ అంకె మీద వేలు పెట్టాడు. "ఇదేంటి?"

చెప్పాను. ఆ రోజు అడగవలసిన వాక్యం డీజిలు గురించి. దాన్ని కొట్టేసి, పెన్నుతో జహ్రా అని రాసుకున్నాడు. డీజిలు ఒక రోజు ఆలస్యమైంది. అందువల్ల ఆ రోజు కదలవలసిన బస్సులు కదలలేదు. కార్యదర్శికి కోపం వచ్చింది. "ముగ్గురి కోసం ఇంతమందిని ఆపుతారా?" అన్నాడు. ఆయన అన్నది తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేను.

డ్రైవరు మరో ఇద్దరితో బండిలో వెళ్ళాడు. తిరిగొచ్చాక బండిలోంచి ఇద్దరే ఆడవాళ్ళు దిగారు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. ఒకామె నేల మీదే కూర్చుండిపోయి చెప్పింది.

"ముందు రోజే ఆయమ్మి గోడ దూకింది. ఊరక ఇక్కడే ఎండిపోయి చావాల్నా అని. నీళ్ళు తెస్తానని పోయింది. మేం దూకలేకపోతిమి. ఎదురు చూస్తానే ఉంటిమి, రాలే."

డ్రైవరు ఆ వీధంతా తిరిగి చూశాడట. సైనికులు తుపాకీ చూపి "యల్లా, యల్లా" అని తరిమేశారు.

ఆ సాయంత్రం కాగితం రాస్తుంటే కార్యదర్శి అన్నాడు. "నాలుగోది సున్నా రాయి. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరుగా."

"లోపలికి చేరలేదు కదండీ. ఒకటి," అంది నర్సమ్మ.

ఒకటి రాశాను. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మిగతా అంకెలు మారుతున్నా అది మారలేదు. పెద్దాయన రెండుసార్లు అధికారి దగ్గర ఆమె సంగతి ఎత్తాడు. రెండోసారి ఆ అధికారి "ఖలాస్" అని ఫైలు మూసేశాడట. ఇంకోసారి అడిగితే బస్సులూ ఉండవన్నాడట. కారు దిగి ఆ మాట చెప్పి, పెద్దాయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా కాగితం మీద ఆ అంకెను కొట్టేయమని మాత్రం అనలేదు.

మా వంతు బస్సులు వచ్చాయి. గదులు ఖాళీ అవుతుంటే బెంచీల కింద పిల్లల చెప్పులు, విరిగిన పాలడబ్బాలు బయటపడ్డాయి. దర్జీ భార్య కుట్టు మిషను వదలనంది. బస్సులో చోటు లేదు. దాన్ని బడి వరండాలోనే ఉంచి, సూదిపెట్టె ఒక్కటి కొంగులో కట్టుకుని ఎక్కింది. డ్రైవరు ఎక్కలేదు.

"మీరు పోండి సార్. ఆయమ్మి యాడన్నా కనపడితే ఎవురో ఒకరుండాల గదా," అన్నాడు. చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకున్నాడు. పెద్దాయన కూడా ఆ విడతలో రాలేదు. ఇంకా జనం ఉన్నారని ఆగాడు.

బస్రా దాటి, బాగ్దాద్ దాటి, జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాల్లో పడ్డాం. అక్కడ నీళ్ళ కోసం జనం కొట్టుకోవడం చూశాను. నర్సమ్మ దిగిన గంటలోనే ఎవరి బిడ్డకో సెలైన్ పట్టుకుని నిలబడింది. అమ్మాన్‌లో విమానం ఎక్కేటప్పుడు ఆమె వేరే వరసలో ఉంది. చెయ్యి ఊపింది. మళ్ళీ చూడలేదు.

యుద్ధం ముగిశాక, మరుసటి ఏడాది వేసవిలో, డ్రైవరు ఊరికి తిరిగొచ్చాడని విని అతని పల్లెకు వెళ్ళాను. చిక్కి సగమయ్యాడు. ఇంటి ముందు పందిరి కింద కూర్చోబెట్టి చెప్పాడు. జహ్రాలో వీధివీధీ వెతికాడు. ఇంకో ఇంటి పనిమనిషితో కలిసి ఆమె ఆ రోజు పెద్ద రోడ్డు వైపు నడవడం ఒక ముసలి కువైటీ చూశాడట. అంతే. ఆస్పత్రుల్లో లేదు. శవాలు పెట్టిన చోట్ల లేదు. ఏ బస్సులోనూ ఎక్కినట్టు లేదు.

మాట్లాడుతుండగా పక్కింటి నుంచి ఒక పెద్దామె వచ్చింది. డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఆమె ఎవరో అతను చెప్పనవసరం లేకపోయింది.

"నువ్వేనా నాయనా, ఆడ లెక్కలు రాసినోడివి?"

"అవునమ్మా."

"మా యమ్మిది కూడా రాసినావంట. ఈ అబ్బయ్య చెప్పినాడు."

"రాశానమ్మా. రోజూ రాశాను."

"రాసినోడికి తెలిసుంటాదని వచ్చినా. యాడుంది నాయనా?"

తెలియదని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. వాళ్ళింట్లోకి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎండన పడి వచ్చినావు, తాగు నాయనా," అంది. తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ చెంబు తీసుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళిపోయింది.